ఫిల్మ్, సీడీ, లింక్: ఏళ్ల తరబడి స్కాన్లు దాచాలంటే ఏది నమ్ముకోవాలి

మా అమ్మకు కీళ్లవాతం. 2017లో మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. అనంతపురం సాయినగర్‌లో చూపిస్తే ఛాతీకి హెచ్‌ఆర్‌సీటీ, అంటే సన్నని ముక్కలుగా బొమ్మలు తీసే సీటీ స్కాన్, రాశారు. ఊపిరితిత్తుల అడుగు భాగాల్లో మచ్చ కడుతోందని, కీళ్లవాతం ఉన్నవాళ్లలో కొందరికి ఇలా అవుతుందని అప్పుడే తెలిసింది. తర్వాత 2020 జనవరిలో ఒక స్కాన్, 2023 ఫిబ్రవరిలో ఒకటి తీయించాం. ప్రతిసారీ ఏ సెంటర్ దగ్గరైతే అక్కడికి వెళ్లాం. మూడు స్కాన్లు మూడు చోట్ల జరిగాయి.

2023 రిపోర్టులో గ్రౌండ్ గ్లాస్, అంటే ఊపిరితిత్తి మసకబారినట్టు కనిపించడం, పెరిగిందని రాశారు. మందు పెంచాలా అన్న ప్రశ్న వచ్చింది. అనంతపురం వాళ్లకు ఇలాంటప్పుడు బెంగళూరే దిక్కు. కడప వాళ్లు తిరుపతో వేలూరో వెళ్తారు, కర్నూలు వాళ్లు హైదరాబాద్ పోతారు. ఎక్కడికి పోయినా పెద్ద డాక్టరు అడిగే మొదటి మాట ఒకటే.

"పాత స్కాన్లు తెచ్చారా?"

సంచిలోంచి మూడు రిపోర్టులు, రెండు కవర్ల ఫిల్ములు తీసి బల్ల మీద పెట్టాం. ఆయన రిపోర్టులు పక్కకు జరిపి, "ఇవి చదివాను. నాకు ఇమేజెస్ కావాలి. సీడీలు ఏవీ?" అన్నారు. 2017 సీడీ ఆయన కంప్యూటర్లో తిరిగి తిరిగి ఆగిపోయింది. 2020లో సీడీ ఇవ్వలేదు, ఫోనుకు లింక్ పంపారు. అది నొక్కితే పేజీయే తెరుచుకోలేదు. చేతిలో నిలిచింది 2023 సీడీ ఒక్కటే. దేనితో పోల్చాలో అది మా దగ్గర లేదు.

"వారం టైమిస్తాను, పాతవి వెతుక్కుని రండి" అని పంపేశారు. ఆ వారంలో నేర్చుకున్నదీ, ఆ తర్వాత మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతీ ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. స్కాన్‌లో ఏముందో చెప్పలేను, దాన్ని ఎట్లా దాచాలో మాత్రం చెప్పగలను.

రిపోర్టు ఉండగా బొమ్మలెందుకు?

రిపోర్టు ఒక డాక్టరు ఆ రోజు చూసి రాసిన మాట. 2017లో ఒకరు "మైల్డ్" అని రాశారు, 2023లో ఇంకొకరు "మోడరేట్" అన్నారు. రోగం పెరిగి మాట మారిందా, రాసిన మనిషి మారి మాట మారిందా? కాగితం చూసి ఇది తేల్చలేం. రెండు స్కాన్లూ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి, ఒకే ఎత్తులో ఉన్న ముక్కను ముక్కతో పోల్చి చూస్తేనే తేలుతుంది. ఏళ్లమీద నెమ్మదిగా సాగే జబ్బుల్లో డాక్టరుకు కావలసింది ఈ పోలికే. పోయిన స్కాన్‌ను మళ్లీ తీయించుకోవడం కుదరదు. డబ్బు పెడితే ఈ రోజుది వస్తుంది, 2017ది రాదు.

ఫిల్మా, సీడీనా?

మన దగ్గర చాలామందికి స్కాన్ అంటే ఆ నల్లటి పెద్ద షీటే. సీడీ అడిగితే "అదెందుకులే, ఫిల్మ్ ఇచ్చాం కదా" అనే సెంటర్లు ఇప్పటికీ ఉన్నాయి. రెండింటికీ తేడా ఎక్కడుందో చెప్తాను.

సీటీ మెషీన్ ఒంట్లోని ప్రతి చుక్కకూ ఒక అంకె ఇస్తుంది. గాలికి మైనస్ 1000, నీళ్లకు సున్నా, గట్టి ఎముకకు వెయ్యికి పైన. ఇంత వెడల్పు ఉన్న అంకెలన్నిటినీ నలుపు తెలుపుల్లో ఒకేసారి చూపిస్తే మన కంటికి తేడాలు ఆనవు. అందుకని అందులో ఒక ముక్కనే ఎంచుకుని చూపిస్తారు. దీన్ని విండో అంటారు. ఊపిరితిత్తులకైతే సుమారు మైనస్ 600 మధ్యలో పెట్టి, 1500 వెడల్పు తీసుకుంటారు. ఫిల్మ్ మీద అచ్చయ్యేది ఆ విండోలో కనబడిన బొమ్మ మాత్రమే. తర్వాత ఇంకో డాక్టరు గుండె పక్కన గ్రంథులు చూడాలన్నా, మసక ప్రాంతాన్ని కాస్త మార్చి చూడాలన్నా ఫిల్ముతో కుదరదు. సీడీలో అంకెలే ఉంటాయి కాబట్టి విండో ఎట్లా కావాలంటే అట్లా తిప్పుకోవచ్చు. ఆ అంకెల ఫైళ్లనే డైకామ్ ఫైళ్లు అంటారు.

రెండో తేడా లెక్కలో ఉంది. ఊపిరితిత్తులు పై నుంచి కిందికి సుమారు 30 సెంటీమీటర్లు అనుకుందాం. మిల్లీమీటరుకొక ముక్క తీస్తే 300 బొమ్మలు వస్తాయి. ఒక షీట్‌లో ఇరవై ముప్పై గళ్లు పడతాయి. నాలుగు షీట్లు ఇచ్చారంటే అందులో ఉన్నది మొత్తంలో మూడో వంతు. మిగతావి మీరెప్పుడూ చూడలేదు, ఇంటికీ రాలేదు.

కాబట్టి సీడీయే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. అయితే సీడీలన్నీ ఒకటి కావు. కొన్ని సెంటర్లలో సీడీ మీద సన్నని ముక్కలు రాయరు, 5 మిల్లీమీటర్ల మందం ముక్కలు రాసి ఇచ్చేస్తారు. పట్టుకోవడం తేలిక. సీడీ తెరిచి బొమ్మలు లెక్కపెట్టండి. ఛాతీ స్కాన్‌లో ఒక వరుసకు దాదాపు 300 ఉంటే సన్నవి వచ్చినట్టు. 60 దగ్గర ఆగిపోతే మందంవి మాత్రమే ఇచ్చారు. సన్నని ముక్కలు చోటు ఎక్కువ తీసుకుంటాయి కాబట్టి సెంటర్ వాళ్ల కంప్యూటర్లోంచి ముందుగా చెరిగిపోయేవి అవే. అడగాలంటే స్కాన్ రోజే అడగాలి. "అన్నా, సీడీలో థిన్ సెక్షన్లు కూడా ఎక్కించు, అన్ని సిరీస్‌లూ కావాలి" అంటే చాలు. టెక్నీషియన్‌కు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. అడిగింది మామూలు మనిషే అయినా పని జాగ్రత్తగా చేస్తాడు, ఇది నేను చాలాసార్లు గమనించాను.

మరి ఫిల్మ్ పారేయాలా? వద్దు. కరెంటు లేకపోయినా, సీడీ డ్రైవ్ లేని చిన్న క్లినిక్‌లో అయినా కిటికీ వెలుగుకు పట్టి చూడటానికి పనికొస్తుంది. మొట్టమొదటి స్కాన్ ఫిల్మూ, తాజా ఫిల్మూ ఉంచండి. ఏ ఏడాది సీడీ తెరుచుకోవడం లేదో ఆ ఏడాది ఫిల్మ్ మాత్రం ప్రాణం లాగా కాపాడాలి. ఎండాకాలంలో మన ఊళ్లలో పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువా మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. ఇప్పటి ఫిల్ములు చాలావరకు వేడితో అచ్చయ్యేవి, ఆ తర్వాత కూడా వేడి తగిలితే నల్లబడుతూ పోతాయి. మడత పెట్టకుండా, ఒకదాని మీద ఒకటి బరువు పడకుండా, లోపలి గోడ పక్కన నిలబెట్టి ఉంచండి. కారు వెనక సీట్లో వదిలేయకండి.

సీడీకి బదులు లింక్ ఇస్తే?

ఇప్పుడు చాలాచోట్ల సీడీ మానేసి ఫోనుకు లింకో, రిపోర్టు మూలన క్యూఆర్ కోడో ఇస్తున్నారు. చూడటానికి సుఖమే. ఫోనులోనే బొమ్మలు జరుపుకోవచ్చు, ఆ రోజే బెంగళూరు డాక్టరుకు పంపొచ్చు. ఇబ్బంది ఏమిటంటే ఆ బొమ్మలు మీ దగ్గర లేవు. సెంటరు సర్వర్ అద్దె కట్టినన్నాళ్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీ మార్చనన్నాళ్లు మాత్రమే అవి కనిపిస్తాయి. మా 2020 లింక్ మూడేళ్లు దాటాక చూస్తే చచ్చిపోయి ఉంది.

లింక్ వచ్చిన వారంలోపు కంప్యూటర్లో తెరిచి డౌన్‌లోడ్ గుర్తు కోసం వెతకండి. జెపెగ్, డైకామ్ అని రెండు రకాలు చూపిస్తే డైకామ్ తీసుకోండి. ఫైలు వందల ఎంబీ ఉంటే అసలుది. రెండు మూడు ఎంబీల్లో ముగిస్తే మీకు వచ్చినవి ఉత్త ఫొటోలు. డౌన్‌లోడ్ సదుపాయమే లేకపోతే సెంటరుకు వెళ్లి సీడీయో, కొత్త పెన్‌డ్రైవ్‌లోకి కాపీయో అడగండి. పెన్‌డ్రైవ్ వైరస్ భయంతో కొందరు ఒప్పుకోరు, అందుకు వాళ్లను తప్పుపట్టలేం.

ఫిల్మును ఫోనుతో ఫొటో తీసి దాచుకోవడం కూడా చూస్తుంటాం. ఏమీ లేని చోట అదే మేలు. తీసేటప్పుడు ముందు షీటు మొత్తం, పేరూ తేదీ ఉన్న మూల స్పష్టంగా పడేలా ఒకటి తీసి, ఆ తర్వాత దగ్గరగా తీయండి. దాన్ని స్కాన్ అని మాత్రం లెక్కవేయొద్దు.

తెరుచుకోని సీడీతో మేం పడ్డ పాట్లు

2017 సీడీ మీద పేరు నేనే రాశాను, బాల్‌పెన్నుతో నొక్కి. సీడీకి అడుగు వైపు గీతలు పడకూడదని అందరికీ తెలుసు. నిజానికి సమాచారం ఉండే పొర పై వైపు, లేబుల్ కింద పలచగా ఉంటుంది. పెన్ను మొన నొక్కిన చోట ఆ పొరే దెబ్బతింటుంది. రాయాల్సి వస్తే మెత్తటి మార్కర్‌తో మధ్యలో ఉన్న పారదర్శకమైన వలయం మీద రాయాలి. ఎండా వేడీ తగిలినా లోపలి రంగు పొర పాడవుతుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవే రావడం లేదు. మా వీధిలో జిరాక్స్ షాపాయన దగ్గర పాత డెస్క్‌టాప్ ఉంది. అందులో పెడితే కాసేపు గరగరలాడి, ఫైళ్ల జాబితా కనిపించింది. ఒక డ్రైవ్ చదవలేని సీడీని ఇంకో డ్రైవ్ చదవడం మామూలే, కాబట్టి మూడు నాలుగు చోట్ల ప్రయత్నించకుండా ఆశ వదులుకోవద్దు. అయితే మామూలుగా కాపీ కొడితే చెడిన ఫైలు దగ్గరికి రాగానే మొత్తం ఆగిపోతోంది. విండోస్‌లోనే ఉండే ఈ కమాండ్ చెడినదాన్ని వదిలేసి ముందుకు పోతుంది:

```
robocopy D:\ C:\AMMA\2017-06-12_HRCT /E /R:1 /W:1
```

ఇక్కడ `D:` సీడీ డ్రైవ్, తర్వాతిది ఫైళ్లు చేరాల్సిన ఫోల్డర్. `/R:1` అంటే చెడిన ఫైలును ఒక్కసారే మళ్లీ ప్రయత్నించమని, `/W:1` అంటే మధ్యలో ఒక్క సెకను ఆగమని. గంట పట్టింది. 312 బొమ్మల్లో 11 పోయాయి, 301 దక్కాయి. ఆ పదకొండూ అక్కడక్కడ విడివిడిగా ఉన్న ముక్కలు కావడంతో డాక్టరు పోలికకు అడ్డు రాలేదు.

2020 స్కాన్ కోసం సెంటరుకే వెళ్లాం. రిసెప్షన్‌లో అమ్మ పేరు కొడితే రాలేదు. ఆమె పేరులోని "క్ష్మి"ని ఆధార్‌లో ఒక రకంగా రాస్తే, అక్కడ టైపు చేసినవాళ్లు ఇంకో రకంగా రాశారు. రిపోర్టు మూలన చిన్న అక్షరాల్లో ఉన్న పేషెంట్ ఐడీ చెబితే పాత స్టోరేజ్‌లో దొరికింది. ఇంకో ఆరు నెలలు ఆలస్యమైతే ఉండేది కాదని టెక్నీషియనే అన్నాడు. ఆస్పత్రిలో చేరి వైద్యం చేయించుకున్నవాళ్ల రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు ఉంచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళిలో ఉంది. బయటి నుంచి వచ్చి స్కాన్ తీయించుకుని వెళ్లిపోయేవాళ్లు ఆ నియమం మీద బరువు వేయకపోవడం మంచిది. పూర్తిగా వర్తించినా అది మూడేళ్లే, మన జబ్బు ముప్పై ఏళ్లది.

వారం తర్వాత మూడు స్కాన్లూ ఒకే తెర మీద తెరుచుకున్నాయి. డాక్టరు ఊపిరితిత్తుల కంటే ముందు శ్వాసనాళం దగ్గర ఆగారు. గాలి నిండా పీల్చి బిగబట్టినప్పుడు శ్వాసనాళం గుండ్రంగా ఉంటుందట, వదిలేస్తే దాని వెనక గోడ లోపలికి వంగుతుందట. 2017, 2020 బొమ్మల్లో గుండ్రంగా ఉంది. 2023లో వంగి ఉంది. "ఆ రోజు ఆవిడ ఊపిరి సరిగా బిగపట్టలేదు. గాలి తక్కువుంటే ఊపిరితిత్తి మసగ్గానే కనిపిస్తుంది" అన్నారు. అడుగు భాగాల్లోని మచ్చ మూడింటిలోనూ దాదాపు అంతే ఉంది. ఊపిరి ఊదే పరీక్ష అంకెలు కూడా పడిపోలేదు. మందు పెంచలేదు, మూడు నెలలకు మళ్లీ ఊదించి చూద్దామన్నారు. అమ్మ బయటికొచ్చాక, "ఆ పిల్లోడు బిగపట్టు అని చెప్పినప్పుడే నాకు దగ్గొచ్చిందిరా" అంది. ఆ ముక్క ఆ రోజే చెప్పుంటే!

ఇంటికొచ్చాక ఎక్కడ పెట్టాలి?

ముందు ఎంత చోటు కావాలో చూద్దాం. ఒక సీటీ బొమ్మలో అడ్డం 512, నిలువు 512 చుక్కలు. చుక్కకు రెండు బైట్లు. అంటే బొమ్మ అర ఎంబీ, 300 బొమ్మలు 150 ఎంబీ. మిగతా వరుసలు కలిపినా ఒక ఛాతీ స్కాన్ సాధారణంగా ఐదు వందల ఎంబీ దాటదు. జిప్ చేస్తే ఇంకా తగ్గుతుంది, బొమ్మ నాణ్యత ఏమీ పోదు. రెండేళ్లకొకటి చొప్పున ఇరవై ఏళ్లకు పది స్కాన్లయినా ఐదు జీబీ లోపే. కొనాల్సింది పెద్దగా ఏమీ లేదు.

సీడీ తెచ్చిన రాత్రే మొత్తం కాపీ చేయాలి. బొమ్మలున్న ఫోల్డర్ ఒక్కటే కాదు, `DICOMDIR` అనే ఫైలుతో సహా అంతా. ఆ ఫైలే లోపలి బొమ్మలకు విషయసూచిక. బొమ్మల ఫైళ్లకు చివర `.jpg` లాంటిదేమీ ఉండదు, `IM000001` లాంటి పేర్లుంటాయి. పనికిరాని ఫైళ్లనుకుని మా తమ్ముడు ఒకసారి చెరిపేయబోయాడు. సీడీలో వచ్చే చూసే ప్రోగ్రాం నాలుగేళ్ల తర్వాత కొత్త విండోస్‌లో నడవకపోవచ్చు, దాని గురించి దిగులు వద్దు. Weasis లాంటి ఉచిత ప్రోగ్రాం ఏ సెంటరు డైకామ్‌నైనా తెరుస్తుంది. కాపీని అందులో తెరిచి, మొదటి బొమ్మ నుంచి చివరి దాకా ఒకసారి జరిపి చూడండి. అప్పుడే కాపీ అయినట్టు.

ఇక దాచే చోటు. పెన్‌డ్రైవ్ మీద నాకు నమ్మకం లేదు. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా డ్రాయర్లో పడి ఉంటే అందులోని చార్జ్ కారిపోయి ఫైళ్లు పాడవుతాయి. దానికంటే ముందే ఎవరో ఒకరు పెళ్లి వీడియో కోసం దాన్ని పట్టుకుపోతారు. బెంగళూరు ప్రయాణంలో జేబులో పెట్టుకోవడానికి పెన్‌డ్రైవ్, ఇంట్లో ఉంచడానికి తిరిగే రకం హార్డ్‌డిస్క్. దాన్ని ఏడాదికోసారి తగిలించి ఒక స్కానైనా తెరిచి చూడాలి. చేయి జారి కింద పడితే మాత్రం దానికి రెండో బతుకు లేదు, కాబట్టి అదొక్కటే చాలదు.

రెండో కాపీ ఇంకో ఇంట్లో ఉండాలి, లేదా క్లౌడ్‌లో. గూగుల్ ఖాతాకు ఉచితంగా 15 జీబీ ఇస్తారు, అందులోనే మెయిళ్లూ ఫొటోలూ పడతాయి. ఇక్కడ ఒక గుంత ఉంది, చాలామంది అందులో పడతారు. అమ్మ పేరుతో స్కాన్ల కోసమే కొత్త ఖాతా తెరిచి, అన్నీ ఎక్కించి, హమ్మయ్య అనుకుంటారు. రెండేళ్లు ఎవరూ లాగిన్ కాని ఖాతాను చెరిపేసే హక్కు గూగుల్ పెట్టుకుంది, 2023 డిసెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. దాచిపెట్టి మరిచిపోయే ఖాతాలకే ఆ ముప్పు. అందుకని రోజూ వాడే మీ ఖాతాలోనే ఒక ఫోల్డర్ పెట్టి, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు షేర్ చేయండి. షేర్ చేసినా ఫోల్డర్ యజమాని ఒక్కరే, ఆయన చెరిపితే అందరికీ పోతుంది. కాబట్టి ఇంకొకరు దాన్ని దించుకుని వాళ్ల దగ్గర వేరుగా పెట్టుకోవాలి. ప్రొద్దుటూరులో ఉన్న మా చెల్లెలు ఆ పని చేస్తుంది.

ఎక్కించింది, దించింది ఒకటేనా అని అనుమానముంటే, జిప్ ఫైలున్న ఫోల్డర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
certutil -hashfile 2023-02-14_HRCT-CHEST.zip SHA256
```

64 అక్షరాల వరుస ఒకటి వస్తుంది. మీ కాపీకీ చెల్లెలి కాపీకీ అదే వరుస వస్తే రెండూ అచ్చంగా ఒకటే. ఫైలులో ఒక్క చుక్క మారినా వరుస మొత్తం మారిపోతుంది.

డిజిలాకర్ సంగతి చాలామంది అడుగుతారు. మనం ఎక్కించే ఫైలు 10 ఎంబీ మించకూడదు కాబట్టి స్కాన్ పట్టదు. రిపోర్టు పీడీఎఫ్‌లకు మాత్రం బాగుంటుంది. కేంద్ర ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య పథకంలో ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు కూడా తీసుకోండి, అయితే ఆ పథకంలో చేరిన ఆస్పత్రి పంపితేనే అందులోకి రికార్డు వస్తుంది. 2017 నాటి ప్రైవేటు స్కాన్ దానంతటది వచ్చి చేరదు. వాట్సాప్‌ను పంపడానికే వాడండి, అదీ "డాక్యుమెంట్"గా. ఫొటోగా పంపితే నలిపేస్తుంది, ఫోను మారితే పాతవి దొరకవు.

ఇంట్లో కంప్యూటరే లేని వాళ్ల సంగతేంటి? వాళ్లకు నా సలహా వేరు. సీడీలు రెండు రాయించుకోండి. ఒకటి బాల్‌పెన్ను తగలకుండా గట్టి డబ్బాలో ఇంట్లో ఉంచండి, రెండోది చదువుకున్న బంధువుకిచ్చి ఆ వారమే ఎక్కించమనండి. షాపులో కాపీ చేయించుకుంటే, పని అయ్యాక వాళ్ల కంప్యూటర్లోంచి చెరిపించి రండి. ప్రతి డైకామ్ ఫైలు లోపలా పేరు, వయసు రాసి ఉంటాయి.

పేర్లు, తేదీలు

ఫోల్డర్ పేరులో సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు: `2023-02-14_HRCT-CHEST_ANANTAPUR`. మనకు అలవాటైన 14-02-2023 పద్ధతిలో పెడితే కంప్యూటర్ రోజు అంకెను బట్టి పేరుస్తుంది, 2017 జూన్ పోయి 2020, 2023ల మధ్య ఎక్కడో కూర్చుంటుంది. వేసే తేదీ స్కాన్ తీసిన రోజుది. రిపోర్టు మరునాడో ఆ మరునాడో వస్తుంది, దాని మీద తేదీ వేరే ఉంటుంది. మా 2020 స్కాన్ రెండు తేదీలతో రెండు ఫోల్డర్లుగా చేరి, రెండు స్కాన్లేమో అని కొన్నాళ్లు భ్రమపడ్డాం. అనుమానం వస్తే Weasisలో `Study Date` చూడండి. అక్కడ `20200109` లాగా గీతలు లేకుండా ఉంటుంది. మేం నమ్మేది దాన్నే.

పేరు స్పెల్లింగ్ స్కాన్‌కు ముందే, కౌంటర్లో బిల్లు కొట్టేటప్పుడే చూసుకోండి, ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఆస్పత్రి వాళ్లు పాత సీడీలు తమ సిస్టంలోకి ఎక్కించుకున్నప్పుడు స్పెల్లింగ్ తేడా ఉంటే వేరే మనిషిగా లెక్కవేసే అవకాశముంది.

వీటన్నిటికీ తోడు ఒక పొడవాటి నోటు పుస్తకం. స్కాన్‌కు ఒక పేజీ. అమ్మ 2023 పేజీలో ఉన్నది ఇంతే: తేదీ, సెంటరు, పేషెంట్ ఐడీ, బొమ్మలెన్ని, జిప్ సైజెంత, ఆ రోజు ఏ మందు ఎంత మోతాదులో వాడుతోంది, నెల లోపు ఊదిన పరీక్ష అంకెలెంత. కింద ఎర్ర ఇంకుతో "దగ్గు వచ్చింది, ఊపిరి బిగపట్టలేదు" అని తర్వాత రాశాను. మందు పేరు రాయడం ముఖ్యం. మందు మొదలుపెట్టక ముందు తీసిందా, తర్వాత తీసిందా అన్నదే డాక్టరు అడిగే తర్వాతి ప్రశ్న. జిప్‌కు పాస్‌వర్డ్ పెడితే అది కూడా ఈ పుస్తకం చివరి అట్ట లోపల రాసి ఉంచండి. నేనొక్కణ్ణే గుర్తుపెట్టుకుంటే, నేను ఊళ్లో లేని రోజు ఆ జిప్‌ను ఎవరూ తెరవలేరు.

కాగితాల్లో ఒక్కదాని గురించి చెప్పాలి. ఊదే పరీక్ష చీటీ కొన్నిచోట్ల బస్సు టికెట్ లాంటి నున్నటి కాగితం మీద వస్తుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టినా ఏడాది రెండేళ్లకు తెల్లబడిపోతుంది. 2017ది ఇప్పుడు ఖాళీ కాగితం. అదే రోజు జిరాక్స్ తీయించి, ఫొటో కూడా తీసి పెట్టుకోండి. రిపోర్టుల అసలు ప్రతులు ఇంట్లోనే ఉంచి జిరాక్సులు చేతిలో పట్టుకెళ్లండి. లామినేషన్ వద్దు, ఆ వేడికి నున్నటి కాగితం అక్కడికక్కడే నల్లబడుతుంది.

2025లో మళ్లీ బెంగళూరు వెళ్లాం. ఈసారి స్కాన్ మెషీన్ మీదికి ఎక్కేముందే అమ్మ టెక్నీషియన్‌తో, "నాయనా, దగ్గు తగ్గేదాకా ఆగు, అప్పుడు బిగపడతా" అంది. అతను ఆగాడు. పెన్‌డ్రైవ్‌లో నాలుగు ఫోల్డర్లు తేదీల వరుసలో ఉన్నాయి. డాక్టరు వాటిని తెరిచి పోల్చడానికి పది నిమిషాలు పట్టింది. మధ్యాహ్నం బస్సుకు ఇంటికొచ్చేశాం.